‘ట్రై చేస్తాం సార్’ అంటే సరేనన్నట్టే

తెలుగువాళ్ల ఆఫీసుల్లో పై అధికారికి ‘కాదు’ అని చెప్పేవాళ్లు తక్కువ. ఆ మాటకు బదులు ‘ట్రై చేస్తాం సార్’ ఉంది, ‘చూద్దాం సార్’ ఉంది. చెప్పినవాళ్ల మనసులో వాటి అర్థం ‘ఇది అయ్యే పని కాదు’ అని. విన్న మేనేజరు మాత్రం ‘సరే’ అని విన్నట్టు రాసుకుని, పైవాళ్లకూ క్లయింటుకూ అదే చెప్పేస్తాడు. ఇద్దరి అర్థాల మధ్య తేడా మూడో వారంలో బయటపడుతుంది. అప్పటికి క్లయింటు పేపరులో ప్రకటన కూడా వేయించుకుని ఉంటాడు.

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలోనైనా జరిగే సంగతి ఒకటి తీసుకుని, అంకెలతో సహా చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే.

క్లయింటుకు నాలుగైదు ఊళ్లలో బట్టల దుకాణాలున్నాయి. వెబ్‌సైటు ఉంది గానీ అందులో డబ్బు కట్టే వీలు లేదు. సోమవారం పొద్దున మేనేజరు టీమ్ లీడ్‌ను పిలిచి, ‘దసరా సేల్ మొదలయ్యేసరికి ఆన్‌లైన్ పేమెంట్ వచ్చేయాలమ్మా, మూడు వారాలు టైముంది’ అన్నాడు. ఆయన దృష్టిలో అది ఒక్క పని. ఆమె చేతిలో ముగ్గురు డెవలపర్లు, పరీక్షించడానికి ఒక టెస్టరు.

ఇక్కడ లీడ్‌కు తోచే మొదటి జవాబు ‘మూడు వారాల్లో కాదు సార్’. మాటలో అబద్ధం లేదు గానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. మేనేజరుకు అది అభిప్రాయంలా వినిపిస్తుంది, అభిప్రాయానికి ఎదురు అభిప్రాయం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ‘మనసు పెడితే ఎందుకు కాదు?’ అంటాడు. దానికి జవాబుండదు. అందుకే అనుభవమున్న లీడ్ ఆ గదిలో అవుననీ కాదనీ అనదు. రెండు ప్రశ్నలు అడిగి, ‘రేపు సాయంత్రంలోగా చెప్తాను సార్’ అని ఒక రోజు గడువు తీసుకుని వస్తుంది. రేపు అంటే రేపే. వారం తర్వాత తెచ్చిన లెక్క ఎంత సరైనదైనా సాకులాగే కనిపిస్తుంది.

మొదటి ప్రశ్న: ఆ తేదీ ఎక్కడినుంచి వచ్చింది? పండగ తేదీ అయితే అది కదలదు. మేనేజరు ఫోన్లో నోటికొచ్చి చెప్పిన తేదీ అయితే కదులుతుంది. క్లయింటు మామూలుగా అడిగితే ఈయన ఒప్పేసుకున్న తేదీ అయితే కదులుతుంది గానీ, ఆయన మొహం చెల్లేలా కదిలించాలి. రెండో ప్రశ్న: ఆ రోజున క్లయింటుకు తప్పనిసరిగా ఏం జరగాలి? ‘పేమెంట్’ అనేది జవాబు కాదు. గద్వాలలో ఉన్న ఆవిడ ఫోన్లో చీర చూసి, అక్కడికక్కడే యూపీఐతో డబ్బు కట్టి, ఆర్డరు పెట్టగలగాలి. అది జవాబు.

ఇక లెక్క. ఉపాధి హామీ పథకంలో లెక్కకట్టినట్టే ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక పనిదినం అనుకుందాం. ముగ్గురు డెవలపర్లు, మూడు వారాలు, వారానికి 5 రోజులు: 45 పనిదినాలు. మేనేజరు మనసులో ఉన్న అంకె ఇదే. పాత క్లయింట్ల ఫిర్యాదులు చూడటానికి ఒక్కొక్కరికీ వారానికో రోజు పోతుంది. మొత్తం 9 తీసేస్తే 36. ఒక అమ్మాయి బతుకమ్మకు ఊరెళ్లడానికి 4 రోజుల సెలవు ఎప్పుడో మంజూరు చేయించుకుంది. మిగిలింది 32.

అటువైపు పని. ‘ఆన్‌లైన్ పేమెంట్’ అనే మూట విప్పితే లోపల ఆరున్నాయి. డబ్బు కట్టే పేజీ, దాన్ని పేమెంట్ గేట్‌వేకు కలపడం 12 రోజులు. మధ్యలో ఆగిపోయిన చెల్లింపులను పట్టుకుని సరిచేయడం 8. రీఫండ్లు వాటంతటవే వెళ్లేలా చేయడం 10. పాత కస్టమర్ల పాయింట్లను బిల్లులో తగ్గించడం 9. లెక్కల విభాగానికి రోజువారీ రిపోర్టులు 7. టెస్టరు పట్టిన తప్పులు దిద్దడం 8. మొత్తం 54.

చేతిలో 32, కావలసినవి 54. ఇప్పుడిది అభిప్రాయం కాదు, కూడిక.

అయితే ఈ 54 ఎంతవరకు నమ్మదగింది? సొంత పనికి వేసుకునే గడువుల్లో మనుషులంతా బోల్తా పడతారు, ఇంజినీర్లేమీ మినహాయింపు కాదు. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో మనస్తత్వశాస్త్రం విద్యార్థులను, మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. వాళ్లు చెప్పినదాని సగటు సుమారు 34 రోజులు. ‘అన్నీ అడ్డం తిరిగితే?’ అని అడిగితే 49 దాకా వెళ్లారు. నిజానికి పట్టింది సగటున 55 రోజులకు పైనే. అంటే ఘోరంగా జరిగితే ఇంత అని వేసుకున్న లెక్క కూడా చాల్లేదు. దీనికి విరుగుడు కళ్లు మూసుకుని ఊహించడం మానేసి పాత రికార్డు తిరగేయడమే. పోయిన ఏడాది ఇంకో క్లయింటుకు రీఫండ్ పని చేసినప్పుడు ఎన్ని రోజులనుకున్నాం, ఎన్ని రోజులు పట్టింది? అప్పుడు 6 అనుకుని 10 పట్టి ఉంటే ఇప్పుడు రాయాల్సింది 10. మేనేజరు ముందు ‘పోయినసారి పట్టిన రోజులివి సార్’ అన్న మాటకున్న బరువు ‘నాకలా అనిపిస్తోంది’ అన్న మాటకు ఎన్నటికీ రాదు.

లెక్కలోకి రానిది ఇంకొకటుంది. పేమెంట్ గేట్‌వే ఖాతా తెరవాలంటే దుకాణం యజమాని పాన్, జీఎస్టీ నంబరు, బ్యాంకు కాగితాలు ఇవ్వాలి. వాళ్లు వాటిని సరిచూసి ఆమోదించాలి. ముగ్గురు డెవలపర్లూ రాత్రింబవళ్లు కూర్చున్నా ఆ కాగితం కదలదు. కోడు పూర్తయి ఖాతా రాక ఆగిపోయిన సందర్భాలు ఈ రంగంలో ఎవరినడిగినా చెబుతారు. కాబట్టి మేనేజరుకు అప్పగించాల్సిన మొదటి పని ఇదే: ‘ఇవాళే క్లయింటుతో దరఖాస్తు పెట్టించండి సార్.’ గడువు తగ్గించమని అడిగిన మనిషికి ఆ గడువును కాపాడే పని ఒకటి చేతిలో పెడితే, అప్పటిదాకా ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒకే వైపుకు వస్తారు.

ఇక ఆరింటిలో ఏవి ముందు, ఏవి వెనక? నేర్పంతా ఇక్కడే కావాలి. కంటికి కనిపించేవి ముందు పెట్టి కనిపించనివి వెనక్కి నెట్టడం చాలామంది చేసే తప్పు. ఆగిపోయిన చెల్లింపుల సంగతే చూడండి. కస్టమరు ఖాతాలో డబ్బు కట్ అయింది, దుకాణానికి మాత్రం అందినట్టు కబురు రాలేదు. మేనేజరుకు ఇది ‘ఎప్పుడో ఒకసారి జరిగేది’గా కనిపిస్తుంది, తీసేద్దామంటాడు. కానీ సేల్ రోజుల్లో జనం ఎగబడినప్పుడే ఇవి ఎక్కువవుతాయి. వ్యాపారికి కట్టిన యూపీఐ సొమ్ము ఇలా మధ్యలో చిక్కుకుంటే 5 రోజుల్లోగా వెనక్కి వెళ్లాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నిబంధన పెట్టింది. ఆ బాధ్యత బ్యాంకులదే కావచ్చు. డబ్బు పోయిందనుకున్న కస్టమరు ఫోను చేసేది మాత్రం దుకాణానికే. ఈ 8 రోజుల పనిని తీయకూడదు.

రీఫండ్లు అలా కాదు. గేట్‌వే వాళ్ల వెబ్‌సైటులోకి లాగినై, ఒక్కో ఆర్డరు వెతికి, బటన్ నొక్కి డబ్బు వెనక్కి పంపొచ్చు. దుకాణంలో అకౌంట్స్ చూసే మనిషికి అరగంట నేర్పితే చాలు. విసుగు పనే, కాదనలేం. కానీ పండగ రెండు మూడు వారాలు చేతితో నడిచిపోతుంది. రిపోర్టులకు బదులు ఎక్సెల్ షీటు దించుకోవచ్చు. పాయింట్లు ఈ దసరాకు దుకాణంలో మాత్రమే చెల్లుతాయని సైటులో రాస్తే సరిపోతుంది. ఇలా వెనక్కి నెట్టిన ప్రతి పనికీ ‘అప్పటిదాకా ఎలా నడుస్తుంది?’ అన్నదానికి జవాబు పక్కనే ఉండాలి. అది లేకపోతే పని తగ్గించుకోవడం పని ఎగ్గొట్టడంగా కనిపిస్తుంది.

మర్నాడు సాయంత్రం లీడ్ మేనేజరుతో పది నిమిషాలు మాట్లాడి, వెంటనే అదే మాట మెయిల్లో పెట్టింది:

‘సార్, మీరు చెప్పిన పేమెంట్ పనిలో ఆరు భాగాలున్నాయి, మొత్తం 54 పనిదినాలు. సేల్‌లోపు మాకున్నవి 32. సేల్ మొదటి రోజుకు కస్టమర్లు యూపీఐతో, కార్డుతో డబ్బు కట్టి ఆర్డరు పెట్టగలుగుతారు. ఆగిపోయిన చెల్లింపులను కూడా పట్టుకుంటాం. తప్పులు దిద్దడంతో కలిపి దీనికి 28 రోజులు, మిగిలిన 4 అనుకోనివాటికి. రీఫండ్లు, రిపోర్టులు దీపావళిలోపు ఇస్తాం. అప్పటిదాకా రీఫండ్లు దుకాణంలోనే చేతితో చేసుకోవాలి, వాళ్ల అకౌంటెంటుకు నేర్పే బాధ్యత మాది. పాయింట్లు దీపావళి తర్వాత రెండు వారాలకు. సేల్ జరిగే వారంలో కొత్త కోడు పెట్టం. వచ్చే బుధవారంలోగా గేట్‌వే ఖాతా ఆమోదం రాకపోతే ఈ మొదటి తేదీ నిలవదు. మీకు రీఫండ్లే ముందు ముఖ్యమైతే చెప్పండి, వాటికి బదులు ఏది వెనక్కి వెళ్లాలో కూర్చుని తేలుద్దాం.’

ఈ మెయిల్లో ‘కుదరదు’ అన్న మాట లేదు, క్షమాపణా లేదు. చివరి వాక్యం నిర్ణయాన్ని మేనేజరు చేతికే తిరిగి ఇచ్చింది. ఏది ముందు రావాలో తేల్చే హక్కు ఆయనది. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పే హక్కు చేసేవాళ్లది. ఆఫీసుల్లో గొడవలు చాలావరకు ఈ రెండూ తారుమారు కావడంవల్లే వస్తాయి.

దేశం మొత్తం చూసిన ఇలాంటి సర్దుబాటు ఒకటుంది. 2017 జులై 1 నుంచి జీఎస్టీ అని కేంద్రం తేదీ ప్రకటించింది. ఏర్పాట్లకు ఇంకా సమయం కావాలని వర్తక సంఘాలు మొరపెట్టుకున్నాయి. అసలు పద్ధతి ప్రకారం ప్రతి వ్యాపారీ నెలకు మూడు రిటర్నులు వేయాలి: అమ్మకాల బిల్లులన్నీ ఒకదానిలో, కొనుగోళ్లు రెండోదానిలో, రెండూ కలిపి మూడోదానిలో. జూన్ 18న జీఎస్టీ మండలి సమావేశమై తేదీని కదపలేదు, పనిని తగ్గించింది. మొదటి రెండు నెలలకు మొత్తాలు మాత్రమే చూపించే చిన్న రిటర్ను ఒకటి వేస్తే చాలని, బిల్లుల వివరాలు తర్వాత ఇవ్వొచ్చని వెసులుబాటు ఇచ్చింది. జీఎస్టీఆర్-3బి అలా పుట్టింది. తేదీ రాతిమీద గీత అయినప్పుడు కదిలేది పని పరిమాణమే. ముహూర్తం మారకపోయినా వంటల జాబితా మారినట్టే.

మెయిలు చూడగానే మేనేజరు ఒప్పుకుంటాడని అనుకోవద్దు. ఆయన వేసే మొదటి ఎత్తు బేరం. ‘12 ఎందుకు, 8లో చెయ్యండి.’ అంకెను బేరం పెట్టడానికి ఒప్పుకుంటే ఆ క్షణమే పట్టు పోయినట్టు. మిగతా అంకెలన్నీ కూడా కూరగాయల ధరల్లాంటివేనని ఆయనకు అర్థమవుతుంది. ‘12 ఎలా వచ్చిందో చూపిస్తాను సార్, అందులో ఏదైనా తీసేయొచ్చంటే తీసేద్దాం’ అనాలి. అప్పుడు తగ్గేది రోజు కాదు, పని. కార్డులు వద్దు, యూపీఐ ఒక్కటే చాలు అని ఆయనంటే 12 నిజంగానే తగ్గుతుంది.

రెండో ఎత్తు, ‘పక్క టీమ్ నుంచి ఇద్దరిని ఇస్తాను.’ వినడానికి ఉదారంగానే ఉంటుంది. ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, 1975లో అచ్చయిన తన పుస్తకంలో, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని రాశాడు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది పాతవాళ్లే, ఆ రోజులు ఈ 32లోంచే పోతాయి. మూడు వారాల పనిలో మొదటి వారం నేర్పడానికే సరిపోతుంది. అయినా ఆ ఇద్దర్నీ వద్దనక్కర్లేదు. పాత క్లయింట్ల ఫిర్యాదుల పని వాళ్లకు అప్పగించమని అడిగితే ముగ్గురికీ కలిపి 9 రోజులు వెనక్కి వస్తాయి. మనుషుల్ని ఇస్తానన్నప్పుడు ఎక్కడికి ఇవ్వాలో మనమే చెప్పాలి.

మూడోది శనాదివారాలు. మూడు వారాల్లో శనాదివారాలు కలిపి 6 రోజులు, ముగ్గురికీ 18. 32కు కలిపితే 50. ఊరెళ్లే అమ్మాయి సెలవు రద్దు చేసి ఆ 4 కూడా కలిపితే సరిగ్గా 54. కాగితం మీద లెక్క కుదిరింది! ఎవరికీ జలుబు చేయకూడదు, కరెంటు పోకూడదు, టెస్టరు ఒక్క తప్పు కూడా అదనంగా పట్టకూడదు, 21 రోజులు ఎవరూ ఒక్క పూట ఆగకూడదు. ఈ కూడికను మేనేజరు ఎదుటే వేసి చూపిస్తే ఆయనే తల అడ్డంగా ఊపుతాడు.

ఇంకా వదలని మేనేజర్లు మెట్రో శ్రీధరన్ పేరు తీస్తారు. 1964 డిసెంబరు తుపానులో పాంబన్ వంతెన కొట్టుకుపోతే రైల్వే ఆరు నెలల్లో బాగుచేయాలనుకుంది, పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించాడు, శ్రీధరన్ 46 రోజుల్లో రైలు నడిపించాడు. నిజమే, అది అబ్బురపడాల్సిన పనే. కానీ ఎలా సాధ్యమైందన్నది కూడా చెప్పుకోవాలి. సముద్రంలో పడిపోయిన గర్డర్లను వెతికి పైకి తీసి మళ్లీ వాడారు. కొత్తవి చేయించి తెప్పించే పని తప్పింది. ఒత్తిడి పెడితే రోజులు తగ్గలేదు, పని చేసే దారి మారితే తగ్గాయి. ‘మనకు కూడా సముద్రంలో ఏమైనా గర్డర్లున్నాయా సార్?’ అని అడిగితే కొంటెగా ఉంటుంది గానీ, అడగాల్సిన ప్రశ్న అదే. ఇంకో క్లయింటుకు రాసిన పేమెంట్ కోడు మళ్లీ వాడుకునే వీలుందా అని చూడటంలో తప్పు లేదు. వీలుంటే లెక్క తిరగరాయాలి.

ఒప్పందం కుదిరాక కూడా పని అయిపోయినట్టు కాదు. మొదటి శుక్రవారానికి పరీక్ష ఖాతా మీద ఒక చెల్లింపు మొదటినుంచి చివరిదాకా వెళ్లి తీరాలి. ఒక్క చీర, ఒక్క రూపాయి అయినా సరే. అది జరగకపోతే మొదటి తేదీ ప్రమాదంలో ఉన్నట్టే, ఆ రోజు సాయంత్రమే చెప్పాలి. ‘తొంభై శాతం అయింది సార్’ అనే మాటను నిషేధించాలి. ఆ తొంభై రెండు వారాలు తొంభైగానే ఉండిపోగలదు. రెండో బుధవారానికి గేట్‌వే ఖాతా రాలేదనుకోండి, ఈ సేల్‌కు డెలివరీ అప్పుడు డబ్బు తీసుకునే పద్ధతికి క్లయింటును సిద్ధం చేయమని మేనేజరుకు చెప్పడానికి ఇంకా సమయం ఉంటుంది. సేల్ ముందు రోజు రాత్రి ఉండదు.

ఇదంతా లీడ్‌కో, సీనియరుకో కుదిరే వ్యవహారం. ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడు నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి 54, 32 అని మొదలుపెడితే ఫలితం వేరేగా ఉండొచ్చు. అతను తన వంతు పనికి ఎన్ని రోజులు పడుతుందో రాసి లీడ్ చేతికివ్వడం మేలు. లెక్క చూశాక కూడా ‘నాకదంతా తెలియదు, అయిపోవాలంతే’ అనే మేనేజర్లూ ఉన్నారు. అక్కడ మిగిలేది ఆ మెయిలు ఒక్కటే. పని మొదలుపెట్టి, ముందు అనుకున్న వరసలోనే చేసుకుంటూ పోవాలి. గడువు నాటికి ఆరూ సగం సగం ఉండటం కంటే రెండు పూర్తిగా ఉండటం నయం.

చివరిగా, వెనక్కి నెట్టిన పనుల గురించి ఒక హెచ్చరిక. రీఫండ్లు దీపావళికి అని రాసుకుంటారు. పండగలో చేతితో నడిచిపోయిందని క్లయింటు ఊరుకుంటాడు, మేనేజరు ఇంకో పని తెస్తాడు, దుకాణంలో అకౌంటెంటు మాత్రం ఏడాది గడిచినా ఒక్కొక్క ఆర్డరు వెతుక్కుంటూ బటన్ నొక్కుతూనే ఉంటాడు. అందుకే రెండో తేదీని కూడా మొదటి రోజే క్యాలెండరులో ఎక్కించి, ఆ పని ఎవరిదో పేరు రాసి ఉంచమని అనుభవజ్ఞులు చెబుతారు. రెండు నెలల కోసమని పెట్టిన ఆ జీఎస్టీఆర్-3బి సంగతి చూడండి. అసలు రావలసిన రెండో, మూడో రిటర్నులు 2017 నవంబరులోనే పక్కకు పోయాయి. తాత్కాలికమన్న చిన్న రిటర్నును వ్యాపారులు ఇవాళ్టికీ వేస్తూనే ఉన్నారు.